ఎనభయ్యో అక్షరం

ఆఫీసులో ఆమెను అందరూ చుక్కలక్క అనేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, పదిహేనేళ్లుగా ఆ పేరే ఖాయమైపోయింది. వాక్యం చివర చుక్క లేకపోతే ఆమెకు అన్నం సయించదని, ఉండకూడని చోట చుక్క ఉంటే నిద్ర పట్టదని వెనకాల నవ్వుకునేవారు. ముందర కూడా నవ్వేవారు. ఆమె ఏమీ అనుకునేది కాదు. అనుకోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా.

శీతల గిడ్డంగులు నడిపే ఒక కంపెనీలో ఆమె ఉద్యోగం. ఆ కంపెనీకి ఊరి చివర మూడు పెద్ద గిడ్డంగులు ఉన్నాయి. కూరగాయలు, పళ్లు, చేపలు, మందులు గడ్డకట్టే చలిలో దాచే గదులు. ఈమె కూర్చునేది మాత్రం ఊరి మధ్యన, మూడో అంతస్తులో, శిక్షణ విభాగంలో. కిటికీ పక్కన బల్ల, దాని మీద కంప్యూటరు, కంప్యూటరు పక్కన కళ్లలో వేసుకునే చుక్కల మందు. ఎవరైనా శిక్షణ తరగతి పెట్టాలంటే స్లయిడ్లు తయారు చేసి ఈమెకు పంపుతారు. ఈమె వాటిని మనుషులు చదివేలా చేసి తిరిగి పంపుతుంది.

అంతకుముందు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఆ ప్రెస్సు మూతబడ్డాక ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, ఇక్కడ చేరింది. ప్రెస్సులో పుస్తకమంటే ఒక మనిషి రాసినది. మంచో చెడో, ఒక్కటే చెయ్యి. ఇక్కడ ఒక్కో స్లయిడు పదిమంది చేతుల మీదుగా వస్తుంది. యాభై రెండేళ్లు వచ్చేసరికి ఆమెకు కళ్లు, మెడ, కుడిచేతి బొటనవేలు మూడూ ఒకేసారి మొరాయించడం మొదలుపెట్టాయి.

ఆ బుధవారం ఉదయం శిక్షణ విభాగం హెడ్డు ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. మనిషి మంచివాడే, కాకపోతే ఎప్పుడూ ఏదో రైలు అందుకోవాల్సినవాడిలా ఉంటాడు.

"అక్కా, కొత్తగా చేరినవాళ్లకి శుక్రవారం భద్రత క్లాసు. నలభైమంది. స్లయిడ్లు మీకు పంపించాను. కొంచెం సర్దిపెట్టండి."

"ఎన్ని ఉన్నాయి సార్?"

"ఎక్కువేం కాదు. తొంభై నాలుగు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను గోడ గడియారం వంక చూశాడు.

"ఇవే ముద్రించి పుస్తకంలా ఇస్తాం. గదుల తలుపుల దగ్గర కూడా ఒక్కో కాపీ వేలాడదీస్తాం. అందుకని కాస్త నీటుగా ఉండాలి. రేపు సాయంత్రానికి ఇచ్చేయండి, చాలు."

చాలు అంటే ఏమిటో ఫైలు తెరిచాక అర్థమైంది. స్లయిడ్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నాలుగు విభాగాలవాళ్లు తలా కొంత రాసి కలిపారు. మెషీన్ల విభాగంవాళ్లకు ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలవ్వాలి, సినిమా పోస్టరులాగా. గోదాము విభాగంవాళ్లు మొత్తం పెద్దక్షరాల్లోనే రాశారు, చెవిటివాళ్లతో మాట్లాడుతున్నట్టు. ఉద్యోగుల విభాగంవాళ్లు పెద్దక్షరం జోలికే పోలేదు. మనుషుల పేర్లు కూడా చిన్నక్షరంతోనే. చివరి గుర్తుల సంగతి ఇంకా ఘోరం. జాబితాలో ఒక బుల్లెట్టు చివర చుక్క, దాని కింది దానికి ఏమీ లేదు, మూడోదానికి సెమికోలన్, నాలుగోదానికి చెప్పలేక ఆగిపోయినట్టు మూడు చుక్కలు.

భద్రత విభాగం రాసినవి కొంచెం నయం. అవన్నీ సేఫ్టీ ఆఫీసరు రాసినవి. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న పెద్దాయన. చక్కని పూర్తి వాక్యాలు. కాకపోతే కొన్ని వాక్యాలు మధ్యలోనే తెగిపోయాయి. ఒకటి 'సూపర్‌వై' దగ్గర ఆగిపోయింది. ఇంకోటి 'వెంటిలే' అని ముక్క మిగిలింది.

ఆమె ఒకటికి రెండుసార్లు కళ్లు నులుముకుని పని మొదలుపెట్టింది. పద్ధతి ఆమెకు కొట్టినపిండి. శీర్షికలో మొదటి మాటకు, పేర్లకు మాత్రమే పెద్దక్షరం. శీర్షిక చివర చుక్క ఉండదు. బుల్లెట్టు పూర్తి వాక్యమైతే చివర చుక్క, ఉత్త మాటల గుత్తి అయితే చుక్క లేదు. ఒకే జాబితాలో సగం వాక్యాలు, సగం ముక్కలు ఉంటే అన్నిటినీ ఏదో ఒక దారికి తేవాలి. పెద్దక్షరాల్ని చిన్నక్షరాలుగా మార్చడానికి కంప్యూటరులో ఒక బటన్ ఉంది గానీ, దాన్ని ఆమె నమ్మదు. అది ఒక్క నొక్కుతో మొత్తం వాక్యాన్ని చిన్నక్షరాల్లోకి మార్చేస్తుంది, పొడి అక్షరాల్లో రాసిన పేర్లనీ రసాయనాల గుర్తుల్నీ కూడా కలిపి. ఆ తర్వాత వాటిని మళ్లీ వెతికి పట్టుకోవాలి. అందుకే ఒక్కొక్కటీ చేత్తోనే దిద్దేది.

మధ్యాహ్నానికల్లా తెగిపోయిన వాక్యాలు పదిహేడు తేలాయి. పదిహేడింటినీ పసుపు రంగుతో పూసి, ఒక కాగితం మీద జాబితా రాసుకుని హెడ్డు గదికి వెళ్లింది.

"ఇవి పూర్తిగా లేవు సార్. రాసినాయన్ని అడగాలి."

అతను జాబితా మీద కన్నేశాడు. "ఆయన గిడ్డంగుల తనిఖీలో ఉన్నారు. రేపటిదాకా ఫోనెత్తరు. మీరే పూర్తి చేసేయండి అక్కా. అర్థమవుతూనే ఉంది కదా."

"ఏం అర్థమవుతోంది? ఇది చూడండి. సూపర్‌వై అని ఆగిపోయింది. సూపర్‌వైజరుకి చెప్పాలనా, సూపర్‌వైజరు ఎదురుగా చెయ్యాలనా? రెండూ ఒకటి కాదు."

"ఏదో ఒకటి."

"నేను ఆ చలిగదుల్లోకి వెళ్లేదాన్ని కాదు సార్. వెళ్లేవాళ్లు చదువుతారు."

ఈ వాదన ఆమె ఈ గదిలో ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. మనిషి మారినా, కుర్చీ మారినా మాటలు మారవు. చివరకు ఎప్పటిలాగే అతను చేతులెత్తేశాడు.

"సరే, ఆయనకి మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే పసుపు రంగు అలాగే ఉంచి పంపండి. క్లాసు చెప్పేది గిడ్డంగి ఫోర్‌మన్. ఆ పదిహేడూ ఆయన చేత నోటితో చెప్పిస్తాను."

ఆమె మెయిల్ పెట్టి వచ్చి మళ్లీ కూర్చుంది. సాయంత్రానికి నలభై స్లయిడ్లు అయ్యాయి. బస్సులో సీటు దొరకలేదు. ఇంటికి చేరేసరికి ఒళ్లు హూనమైంది.

ఇంట్లో మనుషులు ముగ్గురే. ఆమె, బస్సు డ్రైవరైన భర్త, ఎనభై దాటిన అత్తగారు. భర్తకు తెల్లవారుజాము డ్యూటీ, మధ్యాహ్నానికి ఇల్లు చేరతాడు. అత్తగారికి మోకాళ్లు పోయినా నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఏమ్మాయ్, మొహం అలా వేలాడేశావ్? ఇవాళ ఎన్ని చుక్కలు పెట్టావ్?" అంది కోడలు చెప్పులు విడుస్తూ ఉండగానే.

"లెక్కపెట్టలేదత్తయ్యా."

"చుక్కలు పెట్టడానికి జీతమిచ్చే కంపెనీ ఉంటుందని మా కాలంలో ఎవరైనా చెబితే నమ్మేవాళ్లం కాదు. వాకిట్లో నేను పెట్టినవన్నీ ఊరికే పోయాయి."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడకు చేరబడి, భర్త అందించిన టీ సగం తాగి, మిగతా సగం మరిచిపోయింది.

గురువారం ఇంకా కష్టంగా గడిచింది. మెడ ఒకవైపు పట్టేసింది. సేఫ్టీ ఆఫీసరు దగ్గర్నుంచి జవాబు లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ల ముందు అక్షరాలు చీమల్లా కదలడం మొదలుపెట్టాయి. అప్పటికి ఆమె అరవయ్యో స్లయిడు దాటింది. అరవై ఒకటోది గ్యాసు అలారం గురించి. ఆ గదులను చల్లబరిచేది అమ్మోనియా. ఎక్కడైనా కారితే అలారం మోగుతుంది. అప్పుడు ఏం చెయ్యాలో ఐదు బుల్లెట్లున్నాయి. మోగగానే పని వదిలెయ్యండి. దగ్గరి తలుపు గుండా బయటికి రండి. గాలి వచ్చే వైపు నిలబడండి. ఎవరైనా లోపల ఉండిపోతే మీరు వెళ్లకండి, కబురు చెయ్యండి. ఈ నాలుగింటికీ చివర చుక్కలున్నాయి. ఐదోదానికి లేదు. అలారం ఆగిన తర్వాత పనివాళ్లు తిరిగి గదిలోకి వెళ్లవచ్చు, అని ఉంది.

ఆమె చదివింది. కర్త ఉంది, క్రియ ఉంది. పూర్తి వాక్యం. పై నాలుగింటిలాగే దీనికీ చుక్క ఉండాలి. పెట్టింది. తర్వాతి స్లయిడుకు వెళ్లిపోయింది.

నాలుగున్నరకు పదిహేడు పసుపు గీతలతో ఫైలు పంపించింది. హెడ్డు దాన్ని అలాగే ప్రింటుకు ఇచ్చేశాడు. "అద్భుతంగా ఉంది అక్కా," అన్నాడు. తెరిచి చూసినట్టు లేదు. ఇంటికి వెళ్లి ఆమె ఎనిమిదింటికల్లా పడుకుంది. నిద్ర మాత్రం ముక్కలు ముక్కలుగా పట్టింది.

శుక్రవారం ఆఫీసుకు వచ్చేసరికి హెడ్డు గది ఖాళీగా ఉంది. పుస్తకాల కట్టలు తీసుకుని పొద్దున్నే గిడ్డంగికి వెళ్లిపోయాడట. తొమ్మిదింటికే క్లాసు. కంప్యూటరు తెరిస్తే సేఫ్టీ ఆఫీసరు జవాబు వచ్చి ఉంది. పదిహేడు వాక్యాలూ పూర్తిగా రాసి, కింద ఒక మాట చేర్చాడు: 'నేను పూర్తిగానే పంపాను. ఎక్కడ తెగాయో నాకు తెలియదు.'

తలుపుల దగ్గర వేలాడదీసే కాపీలు ఇంకా ముద్రించలేదు గనక, ఆమె ఆ పూర్తి వాక్యాలను ఫైలులో ఎక్కించసాగింది. నాలుగోదో ఐదోదో ఎక్కిస్తుండగా ఒక సంగతి కంటబడింది. తెగిన వాక్యాలన్నీ ఇంచుమించు ఒకే పొడవున్నాయి. ఆమె ఒకదాన్ని తీసుకుని అక్షరాలు లెక్కపెట్టింది. ఖాళీలతో కలిపి ఎనభై. ఇంకోటి లెక్కపెట్టింది. ఎనభై. మూడోది కూడా ఎనభయ్యే.

అప్పుడు తట్టింది. విభాగాలవాళ్లు తమ మాటలను ఒక ఆన్‌లైన్ ఫారంలో నింపి పంపుతారు. ఆ ఫారంలో గడి ఎనభై అక్షరాలే పట్టేట్టు చేశారన్నమాట. టైపు చేసేవాళ్లకైతే ఎనభై దగ్గర అక్షరం పడదు, తెలిసిపోతుంది. పెద్దాయన వేరేచోట రాసుకుని తెచ్చి అందులో అతికించాడు. ఎనభై దాటినదాన్ని ఫారం చడీచప్పుడు లేకుండా కత్తిరించేసింది.

ఈ పదిహేడింటిలోనూ ఒక మాట మధ్యలో తెగింది. అందుకే కనిపించింది. మాట సరిగ్గా ఎనభయ్యో అక్షరం దగ్గర అయిపోతే?

ఆమె ఎక్కించడం ఆపేసింది.

తను దిద్దిన ఫైలు కాదు, బుధవారం వచ్చిన మొదటి ఫైలు తెరిచింది. బుల్లెట్లన్నిటినీ ఒక లెక్కల షీటులో పోసి, ఒక్కోదాని పొడవు పక్క గడిలో వచ్చేట్టు చేసి, పొడవును బట్టి వరస మార్చింది. పెద్దవి పైకొచ్చాయి. ఎనభైకి మించి ఒక్కటీ లేదు. ఎనభై ఉన్నవి పద్దెనిమిది. పదిహేడు ఆమెకు తెలిసినవే. పద్దెనిమిదోది అరవై ఒకటో స్లయిడులోని ఐదో బుల్లెట్టు. తెగిన చోట చివర ఖాళీ ఉండి రాలిపోయిందేమోనని డెబ్బై తొమ్మిది పొడవున్నవి కూడా చూసింది. అక్కడ ఒక్కటే ఉంది, రాసినవాళ్లు పెట్టిన చుక్కతో సహా, నిండుగా.

వెంటనే సేఫ్టీ ఆఫీసరుకు ఫోను చేసింది. ఈసారి ఎత్తాడు.

"సార్, నేను శిక్షణ విభాగం నుంచి. అలారం ఆగిన తర్వాత గదిలోకి వెళ్లవచ్చు అని రాశారు కదా. ఆ తర్వాత ఇంకేమైనా ఉందా?"

"ఇంకేమైనా ఏమిటమ్మా, అసలు సంగతి అదే. చేతి మీటరుతో గాలి పరీక్ష చేసి, శిక్షణ పొందినవాడు ఒప్పుకున్నాక మాత్రమే, అని రాశాను. అలారం ఆగినంత మాత్రాన గ్యాసు పోయినట్టు కాదు. ఎవడో బటన్ నొక్కి మోత ఆపి ఉండొచ్చు. సెన్సరే పాడైపోయి ఉండొచ్చు. మిగతాది లేదా అక్కడ?"

"లేదు సార్."

"పసుపు రంగు వేశారా దానికి?"

"లేదు. చుక్క పెట్టాను."

ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. "క్లాసు ఎన్నింటికి?" అని మాత్రం అడిగాడు.

"మొదలైపోయింది."

హెడ్డుకు నాలుగుసార్లు ఫోను చేసింది. క్లాసులో కదా, ఫోను నోరు నొక్కేసినట్టున్నాడు. గిడ్డంగి గేటుకు చేసింది. గేటు దగ్గర కాపలా ఆయన ఎత్తాడు.

"బాబూ, లోపల ఫోర్‌మన్ గారు క్లాసు చెబుతున్నారు. ఆయనకి ఒక్క మాట చేరవెయ్యాలి. అరవై ఒకటో పేజీ నేను వచ్చేదాకా చదవొద్దని చెప్పు. రాసుకో. అరవై ఒకటి."

"అరవై ఒకటి. చదవొద్దు. ఎవరు చెప్పారనాలి?"

"చుక్కలక్క చెప్పిందను," అంది. అసలు పేరు చెబితే అక్కడ ఎవరికీ తెలియదని ఆమెకు తెలుసు.

బస్సు నలభై నిమిషాలు తీసుకుంది. ప్రతి స్టాపులోనూ ఆగింది. కిటికీ పక్క సీటు దొరికినా ఆమె చేరగిలబడలేదు. దోవ పొడవునా ఒకటే ఆలోచన. తను ఆ చుక్క పెట్టకపోయి ఉంటే? చదివే ఫోర్‌మన్, పై నాలుగింటికీ చుక్క ఉంది, దీనికెందుకు లేదు అని ఒక్క క్షణమైనా అనుమానపడేవాడేమో. ఆ అనుమానానికి ఉన్న ఒక్క ఆధారాన్ని తనే చేజేతులా చెరిపేసింది. పైగా మిగతా పదిహేడింటికీ పసుపు పూసి, రంగు లేనివన్నీ సరిగ్గా ఉన్నట్టే అని చాటి చెప్పింది. ఇన్నేళ్లుగా పెట్టిన చుక్కలన్నిటిలో ఎన్ని ఇలాంటివో అనిపించింది. ఆ ఆలోచనను అంతటితో ఆపేసింది. దాని వెంట పోతే బస్సు దిగేలోపు మనిషి మిగలదు.

గిడ్డంగిలో భోజనాల గదినే తరగతి గదిగా మార్చారు. నలభైమంది బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మగవాళ్లు, ఆడవాళ్లు, అందరి చేతుల్లోనూ కొత్త పుస్తకాలు. ముందు తెల్లగోడ మీద స్లయిడ్ల వెలుగు. పక్కనే ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. తల నెరిసిన మనిషి, మెడకు ఉన్ని మఫ్లరు. హెడ్డు వెనక బెంచీలో కూర్చుని ఆమెను చూడగానే లేచి వచ్చాడు.

"ఏంటక్కా ఇది? గేటతను వచ్చి అరవై ఒకటి చదవొద్దన్నాడట. ఈయన అరవై దగ్గర ఆపి చలికోట్ల గురించి చెబుతున్నారు, అరగంట నుంచి."

ఆమె గుమ్మంలోనే అతనికి సంగతి చెవిన వేసింది. అతను గొంతు తగ్గించి అన్నాడు, "ఫారం గడి చిన్నది కదా. కంప్యూటరు విభాగంవాళ్ల తప్పు. అలాగే చెబుదాం."

"గడి వాళ్లదే. చుక్క నాది."

"అది చెప్పక్కర్లేదు."

"చెప్పకపోతే వీళ్లు పుస్తకంలో ఉన్నదే నమ్ముతారు సార్. చూడటానికి చాలా శుభ్రంగా ఉంది."

ఆమె ముందుకు నడిచింది. నలభైమంది ముందు నిలబడటం ఆమెకు అలవాటు లేదు. ఎప్పుడూ కాగితం వెనకాల ఉండే మనిషి. చేతుల్లో ఏమీ లేకపోవడంతో అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బల్ల అంచు పట్టుకుంది.

"ఈ పుస్తకం దిద్దింది నేను," అంది. "అరవై ఒకటో పేజీ తియ్యండి. చివరి వాక్యం తప్పు. అలారం ఆగిన తర్వాత లోపలికి వెళ్లవచ్చని ఉంది. అది సగం వాక్యం. మిగతా సగం కంప్యూటరులో తెగిపోయింది. తెగిందని నేను కనిపెట్టలేదు. పూర్తయిందనుకుని చివర చుక్క పెట్టేశాను."

గదిలో పేజీలు తిరిగిన చప్పుడు. మధ్య వరసలోంచి ఒకతను అన్నాడు, "నేను ఇందాకే చదివేశాను. ఇదివరకు పనిచేసిన చోట కూడా అలాగే వెళ్లేవాళ్లం. మోత ఆగితే పని మొదలు."

"మీకేం కాలేదా?" అని పక్కావిడ అడిగింది.

"ఏం కాలేదు." మళ్లీ తనే, "ఒకసారి రెండు రోజులు కళ్లు మండాయి," అన్నాడు.

ఫోర్‌మన్ అప్పుడు నోరు విప్పాడు. "నాతో పనిచేసినతను వెళ్లాడు అలా. మోత ఆగిందని వెళ్లాడు. మెట్లెక్కితే ఆయాసం, ఇప్పటికీ. ఈ పుస్తకంలో ఆ ముక్క చూసి నాకూ ఒకరకంగా అనిపించింది. కానీ హెడ్డాఫీసు నుంచి వచ్చింది, అచ్చేశారు, చక్కగా ఉంది. పద్ధతి మార్చారేమో అనుకున్నాను." ఆమె వైపు తిరిగాడు. "మీరు రాకపోతే ఉన్నదున్నట్టు చదివేసేవాణ్ణమ్మా."

ఆ మాట ఆయన నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

మిగతా సగం ఆమె గట్టిగా చదివి వినిపించింది. రెండుసార్లు. అందరినీ రాసుకోమంటే సగంమంది దగ్గర పెన్నులు లేవు. సరేనని పుస్తకాలన్నీ పోగుచేసి, మూల బల్ల దగ్గర కూర్చుని నలభై పుస్తకాల్లోనూ తనే రాసింది. ముందు ఆ చుక్కను కొట్టెయ్యడం, ఆపైన మిగతా వాక్యం, చివర చుక్క. పదో పుస్తకానికి బొటనవేలు సలపడం మొదలైంది. ఇరవయ్యోదానికి హెడ్డు వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"సగం ఇటివ్వండి అక్కా."

"మీ దస్తూరి అర్థం కాదు సార్."

"మీరు చెప్పినట్టు విడివిడిగా రాస్తాను."

ఆమె పది పుస్తకాలు అతని వైపు తోసింది. అతను నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, బడిలో కాపీ రాసినట్టు ఒక్కో అక్షరమూ దిద్దాడు. రెండిట్లో చుక్క మరిచాడు. ఆమె అతనికి చెప్పకుండా పెట్టేసింది.

పుస్తకాలు తిరిగి పంచుతుంటే ముందు వరసలో కూర్చున్న ఒకావిడ తన పేజీ వేలితో చూపించి అడిగింది. "శిక్షణ పొందినవాడు అని రాశారు. అతనెవరో మాకెలా తెలుస్తుందమ్మా?"

దానికి జవాబు పెద్దాయన రాసిన పూర్తి వాక్యంలో కూడా లేదు.

"పగలు నేను," అన్నాడు ఫోర్‌మన్. "రాత్రి షిఫ్టులో ఇంకొకాయన. భోజనాలయ్యాక చూపిస్తాను. మీటరు కూడా తెచ్చి చేతికిస్తాను, పట్టుకుని చూడండి."

ఆ ఆవిడ తల ఊపి, పెన్ను అడిగి తీసుకుని, మార్జిన్‌లో ఏదో రాసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె నేరుగా ఇంటికి వెళ్లింది. భర్త అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి ఆరేస్తున్నాడు. ఆ వేళప్పుడు ఆమెను గుమ్మంలో చూసి కంగారుపడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. తప్పు చేశాను."

చెప్పింది, మొదటి నుంచీ. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. అంతా అయ్యాక, "ఎవరికీ ఏం కాలేదు కదా," అన్నాడు.

"కాలేదు. కానీ నాకు కనబడలేదండీ. అదే మింగుడుపడట్లేదు. కనబడటమే కదా నా ఉద్యోగం."

ఓదార్చే మాటలు ఆయనకు తొందరగా దొరకవు. "పోయిన నెల నేను ఒక స్టాపు దాటించేశాను," అన్నాడు చివరకు. "రోజూ ఆగే స్టాపే. ఒకావిడ గంట కొడుతూనే ఉంది, నాకు వినబడలేదు. నీకు చెప్పలేదు. చెప్పాలనిపించలేదు." కంచం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "తిని పడుకో. అమ్మకి నేను మందులిస్తాలే."

లోపలి గదిలోంచి అత్తగారు అడిగింది. "ఏంట్రా, చుక్కలు అయిపోయాయా ఇవాళ్టికి?"

"అయిపోయాయమ్మా. నిద్రపోనీ."

ఆమె సాయంత్రం ఐదింటిదాకా ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

సోమవారం హెడ్డు పిలిచి, జరిగినదంతా కాగితం మీద రాసిమ్మన్నాడు. పైవాళ్లు అడిగారట. ఆమె ఒక పేజీ రాసింది. గడి సంగతీ, చుక్క సంగతీ రెండూ రాసింది. ఇకమీదట ఏ ఫైలు వచ్చినా దిద్దడానికి ముందే ప్రతి వాక్యం పొడవూ కొలిచి చూస్తానని, ఒకే పొడవు దగ్గర గుంపుగా ఆగినవాటిని, పూర్తిగా ఉన్నట్టు కనిపించినా సరే, రాసినవాళ్లను అడుగుతానని రాసింది. వారం తర్వాత ఆమె సర్వీసు ఫైలులో ఒక హెచ్చరిక కాగితం చేరింది. హెడ్డు దాన్ని చేతికిస్తూ తల దించుకున్నాడు. "నేను వద్దన్నాను అక్కా," అన్నాడు. నిజమే అయి ఉండొచ్చు. ఆమె సంతకం పెట్టి ఇచ్చేసింది.

కంప్యూటరు విభాగంవాళ్లు ఫారంలో గడిని ఎనభై నుంచి ఐదువందల అక్షరాలకు పెంచారు. పెంచామని ఘనంగా మెయిల్ కూడా పెట్టారు. దాంతో ఇక ఏదీ తెగడం మానేసింది గానీ, అన్ని విభాగాలవాళ్లూ వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు. తర్వాతి నెల వచ్చిన ఫైలులో బుల్లెట్లు స్లయిడు అడుగు దాటి, అంచు కిందికి జారిపోయి, తెర మీద కనబడని చోటికి వెళ్లిపోయాయి. ఆమె కంట్లో మందు చుక్కలు వేసుకుని, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని, తర్వాత సేఫ్టీ ఆఫీసరుకు ఫోను చేసింది.

"సార్, ఇరవై రెండో స్లయిడు. మీ మూడో పాయింటు ఏడు లైన్లుంది. రెండు లైన్లలో చెప్పాలంటే ఏది ఉంచాలి, ఏది తియ్యాలి?"

"మీరే తగ్గించెయ్యకూడదూ?" అన్నాడాయన అలవాటుగా. అని, వెంటనే తనే ఆగాడు. "ఉండండుండండి. చదవండి, వింటాను."

ఆమె మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.